ఎడమ కిడ్నీలో నల్లని ఖాళీలు, పక్కనే ఒక తెల్లచుక్క: నా రిపోర్టులో తప్పెక్కడ జరిగింది?

మొదటి_ఏడు_పీజీ

నేను రేడియాలజీలో మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ ఉదయం నేను రాసిన ఒక స్కానింగు రిపోర్టులోని రెండు వాక్యాలను మా ప్రొఫెసర్ గారు ఎర్ర కలంతో కొట్టివేసి, "మధ్యాహ్నం మళ్లీ చూడు" అని మాత్రమే చెప్పి ఓపీకి వెళ్లిపోయారు. కారణం నాకు అర్థం కాలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

రోగి వయసు 36 ఏళ్లు, లారీ డ్రైవరు. రాత్రి రెండు గంటల నుంచి ఎడమ నడుము పక్కన నొప్పి మొదలై గజ్జ వరకు పాకుతోందని, రెండుసార్లు వాంతి అయిందని చెప్పారు. జ్వరం లేదు. మూత్ర పరీక్షలో ఎర్రకణాలు కనిపించాయి. మా దగ్గర అలవాటు ప్రకారం ఒక లీటరు నీళ్లు తాగించి, మూత్రం ఆపుకోలేనంతగా వచ్చిన తరువాతే బల్ల మీద పడుకోబెట్టాము. బ్లాడర్‌లో సుమారు 450 మి.లీ. ఉన్నట్టు లెక్క వచ్చింది.

కుడి కిడ్నీ పొడవు 10.8 సెం.మీ., ఎడమది 11.6 సెం.మీ. ఎడమ కిడ్నీ మధ్యలో తెల్లగా ఉండవలసిన సైనస్‌లో మూడు నల్లని ఖాళీలు కనిపించాయి, పెల్విస్ ముందు నుంచి వెనుకకు 14 మి.మీ. వచ్చింది. కుడివైపు కూడా పెల్విస్ 8 మి.మీ. ఉంది. ఎడమ కిడ్నీ కింది భాగంలో 4 మి.మీ. తెల్లచుక్క ఒకటి ఉంది, దాని వెనుక నీడ మాత్రం లేదు. వీటిని బట్టి "రెండువైపులా స్వల్ప హైడ్రోనెఫ్రోసిస్" అని ఒక వాక్యమూ, "ఎడమ కిడ్నీ కింది భాగంలో 4 మి.మీ. రాయి" అని ఇంకొక వాక్యమూ రాశాను. కొట్టివేసినవి ఈ రెండే.

నైట్‌డ్యూటీ_ఎమర్జెన్సీ

నేను అత్యవసర విభాగంలో పనిచేస్తాను, నడుము నొప్పితో వచ్చేవారిని వారానికి పదిమందినైనా చూస్తాను. మీ మొదటి వాక్యంలో నాకు పెద్ద తప్పు కనిపించడం లేదు. ఆ నల్లని ఖాళీలపై కలర్ డాప్లర్ పెట్టి చూడండి. రంగు నిండితే అది రక్తనాళం, నిండకపోతే అది నిలిచిపోయిన మూత్రం, అంటే హైడ్రోనెఫ్రోసిస్. నొప్పి కథ ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకా ఆలోచించవలసింది ఏముంటుంది? రెండో వాక్యం మాత్రం తప్పే అనుకుంటాను, ఎందుకంటే నీడ లేనిది రాయి కాదు.

పాతప్రోబు

ఎమర్జెన్సీ డాక్టర్ గారు చెప్పినదానిలో సగం నిజం ఉంది, ఆ సగం దగ్గరే మనం ఆగిపోతే ప్రమాదం. రంగు నిండకపోతే అది రక్తనాళం కాదని తెలుస్తుంది, అంతవరకే. అది నిలిచిన మూత్రమో, సైనస్‌లో పుట్టిన పారాపెల్విక్ సిస్టులో రంగు చెప్పలేదు, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది కదలని ద్రవమే. తేల్చవలసింది ఆకారం, అందులోనూ ఒకదానికొకటి ఉన్న కలయిక.

కిడ్నీని నిలువుగా పట్టుకుని, ప్రోబును కదపకుండా మణికట్టును మాత్రమే మెల్లగా ముందుకూ వెనుకకూ వంచుతూ చూడాలమ్మా. హైడ్రోనెఫ్రోసిస్ అయితే ఆ నల్లని ఖాళీలు చేతివేళ్లు అరచేతిలో కలిసినట్టు ఒకదాని తరువాత ఒకటి పెల్విస్‌లోకి వచ్చి కలుస్తాయి. సిస్టులైతే ఎంత వంచినా గుండ్రంగా, వేరువేరుగా, మధ్యలో గోడలతోనే ఉండిపోతాయి. ఒక్క స్థిరచిత్రంలో ఈ తేడా కనిపించకపోవచ్చు. మీరు ఆపి ముద్రించిన చిత్రంలో మూడు ఖాళీలు ఉన్నాయన్నారు కానీ అవి కలిశాయో లేదో రాయలేదు.

అయితే మీ సార్ మొదటి వాక్యాన్ని కొట్టివేసింది ఇందుకు కాదనుకుంటాను. "రెండువైపులా" అన్న మాట వల్ల అయి ఉంటుంది. ఒక లీటరు నీళ్లు తాగి 450 మి.లీ. ఆపుకుని పడుకున్న మనిషికి కిందనుంచి ఒత్తిడి ఉంటుంది, పైనుంచి మూత్రం ధారాళంగా వస్తూ ఉంటుంది. అప్పుడు ఆరోగ్యవంతుడి పెల్విస్ కూడా కొంచెం ఉబ్బుతుంది. ముందు అతన్ని మూత్రానికి పంపించి, వచ్చిన వెంటనే రెండు కిడ్నీలనూ మళ్లీ కొలవండి. కుడివైపుది కుదించుకుపోయి ఎడమవైపుది అలాగే ఉంటే ఆ ఎడమవైపుది నిజం.

మొదటి_ఏడు_పీజీ

ధన్యవాదాలు సార్. ఖాళీలు పెల్విస్‌తో కలిశాయా అన్నది నేను నిజంగానే గమనించలేదు. కానీ ఒక సందేహం. బ్లాడర్ ఖాళీ చేయిస్తే కింద యురేటర్ చివర చూడటానికి మాకు దారి ఉండదు కదా? అందుకే నీళ్లు తాగించమని నేర్పించారు.

పాతప్రోబు

మంచి ప్రశ్న. నిండిన బ్లాడర్ కింది యురేటర్‌కు కిటికీ, పై కిడ్నీకి మోసం. రెండు పనులనూ ఒకే స్థితిలో చేయబోవడం వల్లనే చిక్కు వస్తుంది. నా అలవాటు చెబుతాను. మొదట నిండుగా ఉన్నప్పుడు ఒకసారి అన్నీ చూస్తాను. మూత్రానికి పంపి కిడ్నీలను కొలుస్తాను. నొప్పి ఉన్నవైపు ఉబ్బు మిగిలి ఉండి రాయి దొరకకపోతే, ఒక అరగంట, ముప్పావుగంట బయట కూర్చోబెట్టి, 150, 200 మి.లీ. చేరాక బ్లాడర్ వెనుక గోడను మళ్లీ చూస్తాను. ఓపీ రద్దీలో ఇది అందరికీ కుదరదని నాకూ తెలుసు, కానీ అనుమానం ఉన్న ఒక్క రోగికి కుదురుతుంది.

యురేటర్ అంతా స్కానింగులో కనిపించదు, మధ్యభాగాన్ని పేగుల్లోని గాలి కప్పేస్తుంది. మనకు దొరికేవి రెండు చివరలు. పైన పెల్విస్ నుంచి బయటికి వచ్చే చోటు, కింద బ్లాడర్ గోడలోకి దూరే చోటు. రాళ్లు తరచుగా చిక్కుకునేది కూడా ఈ చివరల్లోనూ, మధ్యలో ఇలియాక్ రక్తనాళాలను దాటే మలుపులోనూ. గజ్జ దాకా నొప్పి పాకుతోందని, రాత్రి నుంచి ఉందని మీరు రాశారు కనుక నేనైతే కింది చివరను గట్టిగా వెతుకుతాను.

పలాస_పాఠకుడు

నేను వైద్యుణ్ణి కాను. మాది ఉద్దానం ప్రాంతం. మా నాన్నగారికి క్రియాటినిన్ 3.8 ఉంది, స్కానింగులో "రెండు కిడ్నీలూ చిన్నవి, కార్టెక్స్ తెల్లబడింది, హైడ్రోనెఫ్రోసిస్ లేదు" అని రాశారు. ఇక్కడ మీరందరూ ఉబ్బు గురించే మాట్లాడుతున్నారు. మా నాన్నగారి స్కానింగు సరిగా చేయలేదంటారా? ఆ చిత్రంలో కూడా కార్టెక్స్ మధ్యలో నల్లని చుక్కలు వరుసగా ఉన్నట్టు నాకు కనిపిస్తున్నాయి.

పాతప్రోబు

తమ్ముడూ, మీ నాన్నగారి రిపోర్టులో తప్పేమీ కనిపించడం లేదు. ఇక్కడ చర్చిస్తున్నది వేరే సమస్య. క్రియాటినిన్ పెరిగినప్పుడు స్కానింగును మొదట అడిగే ప్రశ్న "ఎక్కడైనా అడ్డు ఉందా" అనే, ఎందుకంటే అడ్డు ఉంటే తీసేయవచ్చు. మీ నాన్నగారి విషయంలో లేదని వాళ్లు జవాబు రాశారు. చిన్నబడి తెల్లబడిన కిడ్నీలు చాలాకాలంగా నడుస్తున్న జబ్బును సూచిస్తాయి. దానికి కారణం ఏమిటో స్కానింగు చెప్పలేదు, నెఫ్రాలజిస్టు గారిని కలవండి.

మీరు గమనించిన నల్లని చుక్కలు మాత్రం పీజీ అమ్మాయికి పనికొచ్చే విషయం. అవి పిరమిడ్లు. కార్టెక్స్ తెల్లబడ్డ కొద్దీ పక్కనున్న పిరమిడ్లు మరింత నల్లగా కనిపించి, కొత్తవాళ్లకు ఉబ్బిన కేలిక్స్‌లు అనిపిస్తాయి. పిరమిడ్లు సైనస్‌కు బయట, కార్టెక్స్‌ను ఆనుకుని, క్రమమైన ఎడంతో కూర్చుంటాయి, ఒకదానితో ఒకటి కలవవు. ఉబ్బు సైనస్ లోపల పుడుతుంది. గెయిన్ తక్కువ పెడితే పిరమిడ్లు నీళ్లలా నల్లబడతాయి కనుక, అనుమానం వస్తే గెయిన్ కొంచెం పెంచి చూడండి. పిరమిడ్‌లో బూడిదరంగు చుక్కలు తేలతాయి, మూత్రం నల్లగానే ఉంటుంది.

హనుమకొండ_సోనాలజీ

నేను ఒక డయాగ్నస్టిక్ కేంద్రంలో పదేళ్లుగా రిపోర్టులు రాస్తున్న రేడియాలజిస్టును. తెల్లచుక్క సంగతి ఎవరూ పూర్తిగా తేల్చలేదు కనుక రాస్తున్నాను. "నీడ లేనిది రాయి కాదు" అన్నది పెద్ద రాళ్లకు చెల్లుతుంది, 4 మి.మీ. చుక్కకు చెల్లదు.

నీడ ఎలా పుడుతుందో ఆలోచించండి. ధ్వని కిరణం రాయికంటే సన్నగా ఉన్నప్పుడే రాయి దాన్ని పూర్తిగా ఆపగలదు. కిరణం లావుగా ఉంటే కొంత ధ్వని రాయి అంచుల పక్కనుంచి వెనుకకు జారిపోయి, నీడ పడవలసిన చోటును నింపేస్తుంది. కిరణం అతి సన్నగా ఉండేది ఫోకస్ పెట్టిన లోతులో. చుక్క 9 సెం.మీ. లోతులో ఉండి ఫోకస్ 5 సెం.మీ. దగ్గర ఉంటే చిన్నరాయి నీడ పోగొట్టుకుంటుంది. ఇంకొక దొంగ కాంపౌండింగ్ అనే సౌకర్యం. అది వేర్వేరు కోణాల నుంచి కిరణాలను పంపి చిత్రాన్ని నునుపుగా చేస్తుంది, ఆ పనిలో నీడను కూడా నునుపు చేసి చెరిపేస్తుంది. కాబట్టి చుక్క కనిపించగానే ఫోకస్‌ను దాని లోతుకు దించండి, కాంపౌండింగ్ ఆపండి, హార్మోనిక్స్ పెట్టండి, రోగి సన్నగా ఉంటే పౌనఃపున్యాన్ని పెంచండి. 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర లేని నీడ 5 దగ్గర పడటం నేను చాలాసార్లు చూశాను.

ఇవన్నీ చేసినా నీడ రాకపోతే మాత్రం, అది సైనస్ కొవ్వు ముక్క అయినా కావచ్చు, గోడ గట్టిపడ్డ చిన్న ధమని అయినా కావచ్చు. సైనస్ కొవ్వులో చిన్నరాయిని వెతకడమంటే బియ్యంలో తెల్లరాయిని వెతకడమే, రంగు ఒకటే, దొరికేది పంటికింద పడ్డప్పుడే.

నైట్‌డ్యూటీ_ఎమర్జెన్సీ

నా మాట వెనక్కి తీసుకుంటాను, కానీ పూర్తిగా కాదు. ఇంత కష్టం ఎందుకు, ట్వింక్లింగ్ ఉంది కదా? కలర్ పెట్టగానే రాయి వెనుక ఎరుపూ నీలమూ కలిసి మిణుకుమంటే అది రాయే. నాకు నీడ కంటే అదే నమ్మకం.

హనుమకొండ_సోనాలజీ

ట్వింక్లింగ్ చాలా మంచి సాయం, దాన్ని తీర్పుగా మాత్రం తీసుకోలేము. మామూలు రక్తప్రసరణకు పెట్టిన స్కేలుతోనే చూస్తే సైనస్‌లోని ధమనులు కూడా అక్కడ రంగులు చిమ్ముతాయి, మనం వాటిని మిణుకు అనుకుంటాము. కలర్ స్కేలును ధమనుల రంగు పూర్తిగా మాయమయ్యేదాకా పెంచాలి, కలర్ గెయిన్‌ను తెరమీద ఉత్తి చుక్కలు కురిసే స్థాయికి కొంచెం కిందికి తేవాలి, ఫోకస్‌ను చుక్క దగ్గరో దాని కిందనో ఉంచాలి. అప్పటికీ మిణుకు మిగిలితే, అది చుక్క వెనుక తోకలా సాగితే, రాయి అన్న అనుమానం బలపడుతుంది. అలా బలపడిన తరువాత కూడా సీటీలో రాయి దొరకని సందర్భాలు ఉన్నాయి. నీడ, మిణుకు రెండూ కలిసి వచ్చినప్పుడు నేను ధైర్యంగా "రాయి" అని రాస్తాను. ఒక్క మిణుకు మాత్రమే ఉంటే "రాయి కావచ్చు" అని రాస్తాను.

విజయనగరం_ఉద్యోగి

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, నాది రోగి వైపు ప్రశ్న. నాకు కుడి కిడ్నీ కింది భాగంలో రాయి ఉంది. ఒక కేంద్రంలో 5 మి.మీ. అన్నారు, పది రోజుల తరువాత ఇంకొక కేంద్రంలో 8 మి.మీ. అన్నారు. ఈ పది రోజులూ కొండపిండి ఆకు కషాయం తాగుతున్నాను. కషాయం వల్లే రాయి పెరిగిందని ఇంట్లోవాళ్లు ఒకటే గోల. పది రోజుల్లో మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందా?

హనుమకొండ_సోనాలజీ

పెరగదండీ. పెరిగింది కొలత. స్కానింగులో చిన్నరాయి అంచులు పక్కలకు సాగి కనిపిస్తాయి, ఎందుకంటే కిరణం వెడల్పు రాయి వెడల్పుకు తోడవుతుంది. గెయిన్ ఎక్కువ పెట్టినా, రాయి లోతుగా ఉన్నా ఇంకొంచెం సాగుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ రావడం మామూలు విషయం. రాయి తెల్లదనానికి బదులు దాని వెనుక పడిన నీడ వెడల్పును కొలిస్తే అసలు కొలతకు దగ్గరగా వస్తుంది, కానీ అలా కొలిచేవారు తక్కువ. రెండు వేర్వేరు యంత్రాల మీద, ఇద్దరు వేర్వేరు మనుషులు కొలిచిన 5కూ 8కీ మధ్య తేడాను చూసి నిర్ణయాలు తీసుకోకండి. కషాయం గురించి నేను మాట్లాడను, ఆ విషయం మీ యూరాలజిస్టు గారితో చెప్పి తాగండి.

విజయనగరం_ఉద్యోగి

అర్థమైంది, ఇంట్లో చూపిస్తాను. మరి ఆ లారీ డ్రైవరు గారి సంగతి ఏమైందో తెలుసుకోవాలని ఉంది.

మొదటి_ఏడు_పీజీ

ఇప్పుడే స్కానింగు గది నుంచి వస్తున్నాను, వరుసగా రాస్తాను.

మూత్రానికి వెళ్లివచ్చిన వెంటనే చూశాను. కుడి పెల్విస్ పూర్తిగా ముడుచుకుపోయి, సైనస్ అంతా తెల్లగా మూసుకుంది. నేను రాసిన "కుడివైపు హైడ్రోనెఫ్రోసిస్" అక్కడే పోయింది. ఎడమ పెల్విస్ 14 నుంచి 12 మి.మీ.కు మాత్రమే తగ్గింది. మణికట్టు వంచుతూ చూస్తే మూడు ఖాళీలూ పెల్విస్‌లోకి వచ్చి కలుస్తున్నాయి, చివర్లు మొద్దుబారాయి, కార్టెక్స్ మాత్రం పలచబడలేదు. పెల్విస్ నుంచి యురేటర్ పైభాగం కూడా రెండు మూడు సెంటీమీటర్లు కనిపించి తరువాత పేగుల గాలిలో మాయమైంది.

నలభై నిమిషాలు కూర్చోబెట్టి, బ్లాడర్‌లో సుమారు 180 మి.లీ. ఉన్నప్పుడు అడ్డంగా పట్టి కింది గోడను చూశాను. ఎడమవైపు యురేటర్ బ్లాడర్‌లోకి దూరే చోట 6 మి.మీ. తెల్లని గీత, దాని వెనుక స్పష్టమైన నీడ, దాని పైన 8 మి.మీ. వెడల్పుతో నల్లని గొట్టం కనిపించాయి. స్కేలు పెంచి చూస్తే బాగా మిణుకుమంది. మొదటిసారి నిండు బ్లాడర్‌తో చూసినప్పుడు అక్కడ ఎందుకు పట్టుకోలేకపోయానో నాకే తెలియడం లేదు, నిజం చెప్పాలంటే కిడ్నీలు చూసి రాసేసి కిందికి సరిగా వెళ్లలేదు.

పాతప్రోబు

బాగుంది. రెండు పనులు మిగిలాయి. ఒకటి, ఆ మనిషిని కుడిపక్కకు తిప్పి చూశారా? రాయి యురేటర్ దాటి బ్లాడర్‌లో పడిపోయి, వెనుక గోడ మీద కూర్చుని ఉంటే కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. పక్కకు తిరగగానే అది దొర్లితే కథ ముగిసినట్టే. కదలకపోతే ఇంకా చిక్కుకునే ఉంది. రెండు, మూత్రధారలు చూశారా? బ్లాడర్‌ను అడ్డంగా పట్టి కలర్ పెట్టి, ఈసారి స్కేలును మరీ పెంచకుండా, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. రెండు యురేటర్ల నోళ్ల నుంచీ మూత్రం మధ్యమధ్య చిమ్ముతుంది.

మొదటి_ఏడు_పీజీ

రెండూ చేశాను సార్, చెప్పడం మరిచిపోయాను. కుడిపక్కకు తిప్పినా రాయి కదలలేదు. ఐదు నిమిషాల్లో కుడివైపు నుంచి 9 ధారలు వచ్చాయి, ఎడమవైపు ఒక్కటీ రాలేదు. దీన్నిబట్టి పూర్తి అడ్డు అని రాయవచ్చా?

పాతప్రోబు

"ఎడమవైపు ధార ఐదు నిమిషాల్లో కనిపించలేదు" అని రాయండి, అంతకుమించి రాయకండి. ధార కనిపించడానికి యురేటర్‌లోని మూత్రానికీ బ్లాడర్‌లోని మూత్రానికీ సాంద్రతలో తేడా ఉండాలి. రెండూ ఒకేలా పలచగా ఉంటే ఆరోగ్యవంతుడికి కూడా ధారలు కనబడవు. మీ రోగికి కుడివైపు తొమ్మిది వచ్చాయి కనుక ఆ కారణం ఇక్కడ చెల్లదు, ఎడమవైపు ప్రవాహం బాగా తగ్గిందని నమ్మవచ్చు. తగ్గడం వేరు, పూర్తిగా ఆగడం వేరు.

నైట్‌డ్యూటీ_ఎమర్జెన్సీ

ఉబ్బూ రాయీ కనిపించాయి, జ్వరం లేదు, రెండో కిడ్నీ బాగుంది. ఇంక సీటీ ఎందుకు? 2014లో అమెరికాలో 15 అత్యవసర విభాగాల్లో 2759 మందిపై చేసిన అధ్యయనం అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం వల్ల ప్రమాదకరమైన జబ్బులను పోగొట్టుకోవడం పెరగలేదనీ, రేడియేషన్ తగ్గిందనీ చూపించింది. మా విభాగంలో నేను దాన్నే పాటిస్తాను. ఉబ్బు లేకపోతే నొప్పి మందు ఇచ్చి ఇంటికి పంపుతాను.

హనుమకొండ_సోనాలజీ

ఈ రోగికి ఇప్పుడే సీటీ అవసరం లేదనడంలో మీతో ఏకీభవిస్తాను. అయితే మీరు చెప్పిన అధ్యయనంలో అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవారిలో చాలామందికి వైద్యులు అవసరమనుకుని తరువాత సీటీ కూడా చేశారు. అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టవచ్చని అది చెప్పింది, అక్కడే ఆపేయమని చెప్పలేదు.

మీ చివరి వాక్యంతో మాత్రం నాకు పేచీ ఉంది. నొప్పి మొదలైన మొదటి గంటల్లో పెల్విస్ ఇంకా ఉబ్బకపోవచ్చు. వాంతులతో ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషికి మూత్రమే తక్కువగా తయారవుతుంది కనుక అడ్డు ఉన్నా ఉబ్బు కనిపించకపోవచ్చు. ఈ డ్రైవరు గారు రాత్రి మూడింటికి, వాంతులైన వెంటనే, నీళ్లు తాగకముందే మీ దగ్గరకు వచ్చి ఉంటే పెల్విస్ 5 మి.మీ. మాత్రమే ఉండేదేమో. అప్పుడు మీరు ఉబ్బు లేదని పంపేసేవారు.

నైట్‌డ్యూటీ_ఎమర్జెన్సీ

పంపేటప్పుడు మళ్లీ నొప్పి వస్తే రమ్మని చెప్పే పంపుతాను మేడమ్, కానీ మీ మాట కాదనను. నేను అసలు భయపడేది ఇంకొకదానికి. ఉబ్బు ఉండి, పైగా చలిజ్వరం ఉంటే ఆ రాత్రే యూరాలజిస్టును లేపుతాను. పెల్విస్‌లోని మూత్రం నల్లగా కాక మబ్బుగా, అడుగున మడ్డి పేరుకున్నట్టు కనిపిస్తే చీము అని అర్థం. నల్లగా ఉన్నంతమాత్రాన చీము లేదని కూడా నమ్మను, ఒకసారి అలా నమ్మి ఉదయానికల్లా రోగి బీపీ పడిపోవడం చూశాను. అక్కడ జ్వరమే నిర్ణయిస్తుంది, చిత్రం కాదు. స్టెంటో, వీపు నుంచి గొట్టమో వేసి ముందు ఆ మూత్రం బయటికి పోనివ్వాలి, రాయి సంగతి తరువాత.

పాతప్రోబు

ఇది నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను.

మొదటి_ఏడు_పీజీ

మా ప్రొఫెసర్ గారు కొత్త రిపోర్టును చూసి సంతకం చేశారు. "ఎడమవైపు స్వల్ప హైడ్రోనెఫ్రోసిస్, మూత్రవిసర్జన తరువాత కూడా నిలిచి ఉంది. ఎడమ యురేటర్ కింది చివర 6 మి.మీ. రాయి. కుడి కిడ్నీ సాధారణం" అని రాశాను. కింది భాగంలోని తెల్లచుక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫోకస్ దించాను, కాంపౌండింగ్ ఆపాను, 5 మెగాహెర్ట్జ్ పెట్టాను. నీడ రాలేదు. మిణుకు మాత్రం పలచగా, వచ్చీరానట్టు ఉంది. సార్ ఆ చోట "తెల్లని చుక్క, నీడ లేదు" అని మాత్రమే రాయించారు.

నైట్‌డ్యూటీ_ఎమర్జెన్సీ

కింద ఒక రాయి దొరికిన మనిషికి పైన ఉన్న చుక్క కూడా రాయే అయి ఉంటుంది. ఇంత జాగ్రత్త అవసరమా?

హనుమకొండ_సోనాలజీ

మీ అంచనా నిజం కావచ్చు. కానీ ఆ మనిషి రేపు రిపోర్టు పట్టుకుని నాలుగుచోట్లకు తిరుగుతారు, "కిడ్నీలో రాయి" అని ఒకసారి రాస్తే ప్రతి స్కానింగులోనూ ఆ రాయిని వెతికి దాన్ని కొలుస్తూనే ఉంటారు. పైన విజయనగరం వారి 5, 8 కథ చూశారు కదా. నేనైతే "రాయి కావచ్చు" అని రాసేదాన్ని. వారి సార్ అదీ రాయలేదు. ఈ ఇద్దరిలో ఎవరు సరో నేను చెప్పలేను.

మొదటి_ఏడు_పీజీ

రెండు వారాల తరువాత రాస్తున్నాను. డ్రైవరు గారు నిన్న మళ్లీ వచ్చారు. నాలుగో రోజు నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయిందట. జల్లెడలో మూత్రం పట్టమని చెప్పాము కానీ ఆయన అప్పటికే లోడుతో రాయపూర్ దారిలో ఉన్నారట, రాయిని పట్టలేదు. మూత్రానికి వెళ్లివచ్చాక చూస్తే ఎడమ పెల్విస్ ముడుచుకుపోయింది. తరువాత బ్లాడర్ కొంత నిండేదాకా ఆగి చూస్తే యురేటర్ చివర రాయి లేదు, రెండువైపులా ధారలు సమానంగా వస్తున్నాయి.

తెల్లచుక్క అక్కడే ఉంది. 4 మి.మీ. నీడ లేదు. నిన్న వేరే యంత్రం మీద చూశాము, మిణుకు అసలు రాలేదు.

పాతప్రోబు

యంత్రం మారితే మిణుకు కూడా మారుతుంది, దాన్నిబట్టి లేదనుకోకండి. ఈసారి వచ్చినప్పుడు పాత యంత్రం మీదే చూసి, ఫోకస్ గుర్తూ కలర్ స్కేలు అంకే తెరమీద కనిపించేలా చిన్న క్లిప్పు దాచి ఇక్కడ పెట్టండి. రోగి పేరు, నంబరు చెరిపేసి పెట్టండమ్మా.